కెంచవ్వ చదివిన రాయి

బిళిగట్టిలో కెంచవ్వ నోటికి జడవని వాళ్ళు లేరు. ఆమె వస్తోందంటే సంతలో ఉల్లిగడ్డలు అమ్మేవాడు తక్కెడను ఒకసారి సరిచేసుకునేవాడు. రేషను దుకాణం ముందు వరసలోకి ఎవరైనా అడ్డంగా దూరితే, ఆ మనిషిని తాతముత్తాతలతో సహా పలకరించి వెనక్కి పంపేది. అంత మనిషీ ఒక్క రాయి దగ్గర మాత్రం గొంతు తగ్గించి మాట్లాడేది. ఊరి వెలుపల, పశువులు మేతకు వెళ్ళే దారి పక్కన నిలబడిన మాస్తమ్మ రాయి అది.

మొగుడి చితిలో దూకిన ఇల్లాలికి నిలబెట్టిన రాయిని అక్కడ మాస్తి అంటారు. ఆ రాయికి దీపం పెట్టడం, నూనె రాయడం, చీర మార్చడం కెంచవ్వ అత్తింటి కోడళ్ళ హక్కు. గొర్రెల మందలున్న కురుబ ఇల్లు వాళ్ళది. అత్త మంచం పట్టినప్పుడు పెద్దకోడలైన కెంచవ్వ చేతిలో నూనెగిన్నె పెట్టి, "ఇంట్లో ఎవురితోనన్నా కొట్లాడు, ఆయమ్మతో మాత్రం వద్దు" అని చెప్పి కన్ను మూసింది. అప్పటినుంచీ ఏ సోమవారమూ తప్పలేదు. వానలో గోనెసంచి నెత్తిన వేసుకుని వెళ్ళేది. జ్వరం వస్తే తిట్టుకుంటూ వెళ్ళేది.

చూడడానికి రాయిలో కనిపించేది తక్కువ. ముఖానికి వెండి తొడుగు, దాని కింద నేల దాకా చుట్టిన ఇలకల్ చీర, పైన ముసుగులా కప్పిన కొంగు. చీర బయట ఒక చెయ్యి, పైకెత్తిన కుడిచెయ్యి, పిడికిట్లో ఏదో గుండ్రటి ముక్క. మాస్తి చేతిలో నిమ్మకాయ ఉంటుంది కాబట్టి అది నిమ్మకాయే అని ఊరు తీర్మానించుకుంది. మణికట్టు మీద ఏటేటా కుంకుమతో గాజుల గీతలు దిద్దేవారు. తరాలుగా రాసిన నూనె, పసుపు, దీపపు మసి కలిసి ఆ రాయికి ఎద్దు తోలంత మందాన అట్ట కట్టింది. చీర మార్చేటప్పుడు దాని మీదే నాలుగు చెంబులు పోసి స్నానం అయిందనిపించేవారు. ఆ సమయంలో మగవాళ్ళెవరైనా అటు వస్తే, ఆడమనిషి స్నానం కదా అని, వీపు తిప్పి నిలబడేవారు. అంత మర్యాద వాళ్ళు ఇంట్లో పెళ్ళాలకు చూపించారో లేదో నాకు తెలియదు.

ఆ వేసవిలో కెంచవ్వ మొగుడు బీరప్ప పోయాడు. మంద వెంట వెళ్ళి వడదెబ్బతో పడిపోయాడు. దినాలు అయ్యాక చావడిలో ఊరి పెద్ద సిద్దనగౌడ ఆమెను పిలిపించాడు. గౌడ చెడ్డవాడేమీ కాదు. ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడుతూనే అందరి చేతా తన మాట చెల్లించుకునే రకం.

"కెంచవ్వా, వచ్చే ఏరువాక పున్నమి నుంచి మాస్తమ్మ సేవ నీ తోడికోడలు నీలవ్వ చేస్తాది" అన్నాడు. "నువ్వింక ఇంటికాడ కూసో. చానా రోజులు చేసినావు."

"నా చేతులకేమొచ్చింది గౌడా?"

"చేతులకేం రాలేదు. మొగుడితో పాటు మంటలో దూకిన తల్లి అది. ముత్తైదువ చెయ్యే పడాల. మొగుడు పోయినంక మిగిలిన చెయ్యి పడితే ఊరికి మంచిది గాదు."

"అంటే నేను దూకలేదనా నీ బాధ?"

చావడిలో ఎవరో నవ్వబోయి దగ్గాడు. గౌడ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మరిది మైలారప్ప తల వంచుకుని, "వదినా, పెద్దోళ్ళు చెప్పినారు, ఇను" అన్నాడు. కెంచవ్వ వాడి వైపు చూసింది. చిన్నప్పుడు తన చంకనెక్కి తిరిగిన మరిది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆ వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. ఒక్క మాట కూడా అనకుండా లేచి వచ్చేసింది. ఆమె తిట్టకుండా వెళ్ళడం చూసి ఊరు నిజంగా భయపడింది.

నేరుగా రాయి దగ్గరికే వెళ్ళింది. మొగుడు పోయిన ఇంట్లో ఆమెకు మిగిలిన పని ఇదొక్కటే. మంద మరిది చేతికి పోయింది, వంట తోడికోడలి చేతికి పోయింది. ఈ గిన్నె కూడా పోతే పొద్దున లేచి ఎటు నడవాలో ఆమెకు తెలియదు. కూర్చుని, అలవాటు కొద్దీ, చీర కుచ్చెళ్ళ కిందికి చెయ్యి పోనిచ్చి నూనె రాయసాగింది. అక్కడ అడుగున వరసగా గుబ్బలు తగులుతాయి. తామర రేకులని అత్త చెప్పింది, తానూ అలాగే అనుకుంది. ఆ రోజు మనసు ఎక్కడో ఉండగా వేలు తనంతట తానే ఒక గుబ్బ చుట్టూ తిరిగింది. గుబ్బకు రెండు పక్కలా కొసలున్నాయి, కొసల కింద ఆకులా వేలాడేదేదో ఉంది. రేకుకు చెవులుండవు. కొమ్ములు అసలే ఉండవు.

కెంచవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆమె పుట్టిన ఊళ్ళో ఈశ్వరుడి గుడి ముందు, పోరులోనో వేటలోనో పోయినవాళ్ళకు నిలబెట్టిన వీరగల్లులు నాట్లు వేసినట్టు వరసగా నిలబడి ఉండేవి. అవ్వతో గొర్రెలు మేపుతూ వాటి నీడన కూర్చునే పెరిగింది. అవ్వకు అక్షరం రాదు. కానీ రాయిని చదవడం వచ్చు. "కింది నుంచి పైకి చూడాలే పిల్లా" అనేది. "కింద ఎట్లా చచ్చినాడో ఉంటాది. నడుమ ఎవురు తీసుకపోయినారో ఉంటాది. పైన ఏ దేవుడి దగ్గరికి చేరినాడో ఉంటాది. ముందు జంతువును చూడు, ఆమీద చేతిలో ఏముందో చూడు, మొకం కడాన చూడు. మొకాలన్నీ ఒకటే." అడుగున పులి ఉంటే వేటలో పోయినవాడు. ఆవులుంటే, మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడినవాడు. విల్లు, అమ్ములపొది ఉంటే వేటాడి బతికే బేడరవాడు. గుర్రం మీద కూర్చుని నెత్తిన గొడుగు ఉంటే దొర. తలజుట్టును వంచిన వెదురుకు కట్టుకుని ఉంటే, దొర కోసమో దేవుడి కోసమో మొక్కు చెల్లించి తలిచ్చినవాడు. పైన లింగం ఉంటే శివభక్తుడు, పద్మాసనంలో బట్టల్లేని స్వామి ఉంటే జైనుడు. ఇక మాస్తి రాయిలో ఒక కంబం, ఆ కంబం నుంచి బయటికి వచ్చిన ఒక చెయ్యి.

ఇంత తెలిసీ అత్తింటి రాయిని ఆమె ఒక్కసారి కూడా చదవలేదు. అత్త మాస్తి అంది, అయిపోయింది. మన ఇంట్లో దేవుడికి మనం దండం పెట్టుకుంటాం గానీ ఎవరని అడగం కదా.

మర్నాడు పొద్దున, పశువులు మేతకు వెళ్ళే వేళకు, కెంచవ్వ రాయి దగ్గర పొయ్యి పెట్టింది. పెద్ద డేగిసాలో నీళ్ళు కాచి కుంకుళ్ళు, బూడిద వేసింది. వెదురు బద్దలు చెక్కుకుంది. ఇనుము దగ్గరికి రానియ్యలేదు. అది బలపం రాయి, గోరు గీసినా గీత పడుతుంది. వెండి తొడుగు తీసి పళ్ళెంలో పెట్టింది. చీర విప్పి మడిచింది. వేడినీళ్ళు పోసి, అట్ట మెత్తబడ్డాక, బద్దతో కింది నుంచి గీకడం మొదలుపెట్టింది.

ఊరికి కబురు చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆడవాళ్ళు ముందు వచ్చారు. వెనక గౌడ, మైలారప్ప, ఇంకో పదిమంది వచ్చారు. రాయి మీద చీర లేదని చూసి మగవాళ్ళంతా దారి మధ్యలో ఠక్కున ఆగి, అలవాటు ప్రకారం వీపులు తిప్పారు. గౌడ ఊరి వైపు చూస్తూ మాట్లాడవలసి వచ్చింది.

"కెంచవ్వా, నీకు పిచ్చి గానీ పట్టిందా? చీర కట్టు ముందు."

"ఈ పక్కకు తిరిగి చెప్పు గౌడా. వీపు మాట నాకు సరిగ్గా ఇనపడదు."

"ముండమోసిన చెయ్యితో తల్లిని తాకొద్దంటే బట్టలే ఇప్పేస్తివి గదే."

"తల్లి ఎవురో చూస్తాండా. నువ్వు చెప్పిన తల్లి అయితే ఈ గిన్నె ఈడనే ఇడిచిపెట్టి పోతా. మళ్ళీ ఈ దారి తొక్కను. కాకపోతే మాత్రం నన్ను ఎవురూ లెయ్యమనొద్దు."

మాట అనేశాక చేతిలో బద్ద కింద పెట్టింది. నిజంగా మాస్తే అయితే? కానీ మాట నోరు దాటింది. బద్ద మళ్ళీ పట్టుకుంది. నల్లటి పెచ్చులు ఊడి పడుతుంటే అడుగున ఒక ఆవు బయటపడింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మూలనున్న దూడ మెడ వెనక్కి తిప్పి చూస్తోంది.

"అక్కా, ఆవులు" అంది నీలవ్వ. పున్నమి నుంచి గిన్నె పట్టవలసిన మనిషి, దూరంగా నిలబడిందల్లా రెండడుగులు ముందుకొచ్చింది.

"ఆవులేంది, మాస్తికి ఆవులు యాడివి?" అని దారి మీది నుంచి ముసలి ఫక్కీరప్ప గొంతు వినిపించింది. పశువుల మందులు తెలిసిన మనిషి ఆయన. "ఎట్లాంటి ఆవులు? మూపురం ఉండాదా?"

"తిరిగి చూసుకోరాదా మామా."

"చూస్తా. నా వయసుకు ఆయమ్మ నాకు మనవరాలు అవుతాది" అని ఫక్కీరప్ప తిరిగి, కర్ర పొడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. వంగి చూసి, "మూపురం ఉండాది. పాలావులు. పొదుగులు గూడా చెక్కినాడే" అన్నాడు. మగవాళ్ళ వీపుల్లో చిన్న కదలిక వచ్చింది.

కెంచవ్వ పైకి పోయింది. పాదాలు బయటపడ్డాయి. ఒక పాదం కింద పడిపోయిన మనిషి. ఎదురుగా బొటనవేలంత మనుషులు, ఇద్దరు విల్లు ఎక్కుపెట్టారు, ఒకడు ఈటె ఎత్తాడు. వాళ్ళందరి కంటే రెండింతలు పొడుగ్గా నడుమ నిలబడ్డది ఆడమనిషే. గోచి బిగించి కట్టిన చీర, వెనక్కి ముడిచిన కొప్పు. ఎడమచేతిలో గుండ్రటి డాలు, డాలులో గుచ్చుకున్న బాణాలు, తొడలో ఇంకొక బాణం. కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళంతా మీద పడి చూస్తున్నారు. కెంచవ్వ పిడికిలి చుట్టూ వేడినీళ్ళు పోసి, అట్టను గోటితో మెల్లగా ఎత్తింది. నిమ్మకాయ ఊడి రాలేదు. దాని కింద పిడికిలి, పిడికిలి దాటాక తల వెనక్కి వంగిన పొడవాటి అలుగు. నిమ్మకాయ కత్తి పిడి చివరి గుబ్బ.

"కత్తి" అంది కెంచవ్వ. దారి వైపు తిరిగింది. "గౌడా, కత్తి."

"అమ్మవారయి ఉంటాది" అన్నాడు గౌడ, ఇంకా ఊరి వైపే చూస్తూ. "ఊరు కాచే దేవత. అట్లయితే మరీ తప్పు, నువ్వు తాకగూడదు."

"అమ్మవారికి చేతులెన్ని? నాలుగన్నా ఉంటాయి. శూలం, డమరుకం, నెత్తురు గిన్నె, కాళ్ళ కింద రాక్షసుడి తల. ఈయమ్మకు రెండే. తొడలో బాణం దిగింది. దేవతకు బాణం దిగుతాదా?" మాట్లాడుతూనే పైనున్న మందపు అట్టను పెరికింది. నడిమి వరసలో ఇద్దరు అప్సరసలు వింజామరలు పట్టుకుని, అదే కొప్పు మనిషిని రెండు రెక్కలూ పట్టి పైకి తీసుకుపోతున్నారు. దాని పైన లింగం, నంది, గంట వాయించే అయ్యవారు, ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న ఆ మనిషి. అన్నిటికీ పైన సూర్యుడు, నెలవంక. "చూడు, చచ్చింది. చచ్చి కైలాసానికి పోయింది. దేవత లింగం ముందర చేతులు జోడించి కూసుంటాదా? ఇంకోటి చూడు. మాస్తి అయితే పైన మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూసోవాల. ఈడ ఒక్కతే ఉండాది. మాస్తి చెయ్యి కంబంలో నుంచి వస్తాది, అరచెయ్యి తెరిచి ఉంటాది, బొటనేలికీ చూపుడేలికీ నడుమ నిమ్మకాయ ఉంటాది, గాజులు ఎంచుకునేట్టు చెక్కుతారు. ఇది మూసిన పిడికిలి. కంబమూ లేదు, గాజులూ లేవు. గాజులు మనం దిద్దినవి. మంద కోసం కొట్లాడి చచ్చిన వీరురాలు ఈయమ్మ. మీ తాతల ఆవుల్ని దొంగలు తోలుకపోతాంటే అడ్డం పడింది. మీరు చీర చుట్టి మంటలో దూకించినారు."

ఫక్కీరప్ప తప్ప మగవాళ్ళంతా ఇంకా ఊరి వైపే చూస్తున్నారు.

"యుద్ధంలో ఉండే మనిషికి వీపు చూపిస్తారా గౌడా?" అంది కెంచవ్వ, ఈసారి మెల్లగా.

సిద్దనగౌడ తిరిగాడు. మిగతా వాళ్ళూ తిరిగారు. గౌడ దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. ఆవును వేలితో తాకి, కత్తి అలుగు వెంబడి చూపు పోనిచ్చాడు. మూర్ఖుడు కాదు, కళ్ళెదుట ఉన్నదాన్ని కాదనడు. కానీ మాట చెల్లించుకునే అలవాటు అంత తొందరగా పోతుందా?

"సరే, వీరగల్లే" అన్నాడు. "ఒప్పుకుంటాండా. అట్లయితే వీరుల సేవ మగోళ్ళు చెయ్యాల. మన హనుమప్ప కట్ట కాడుండే వీరగల్లుకు మగోళ్ళే గదా చేసేది. మైలారప్ప చేస్తాడు."

ఒక తలుపు గుండా గెంటింది కాక, చుట్టూ తిరిగి వస్తే రెండో తలుపు కూడా వేశాడు. కెంచవ్వకు ఒళ్ళు మండింది. అరవబోయింది. అరవలేదు. చెంబు తీసుకుని నీళ్ళు ముంచి మరిది ముందు పెట్టింది.

"రా మైలారా. సేవ అంటే దీపమొకటే గాదు. నీళ్ళు పొయ్యాల. నూనె రాయాల. తొడల కాణ్ణుంచి ఎద దాకా చేత్తో రాయాల, లేకుంటే రాయి పగులుతాది. రా, ఊరంతా ఉండాది, అందరి ముందరా రాయి."

మైలారప్ప చెంబు వైపు చూశాడు, రాతిలోని ఆడమనిషి వైపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నా చేత గాదు వదినా" అని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఫక్కీరప్ప నవ్వు ఆపుకోలేక కర్ర మీద వాలిపోయాడు. "గౌడా, నువ్వు రాస్తావా మరి?" అన్నాడు.

గౌడ చూపు నీలవ్వ మీదికి పోయింది. ఆమె ముత్తైదువ. అడక్కముందే చెప్పేసింది. "నాకు వద్దు. మాస్తి అంటే ఒప్పుకున్నా. ఇప్పుడు మాస్తి గాదంట గదా, ముత్తైదువ పని ఏముండాది? అక్క చేస్తాది." మొగుడు మైలారప్ప కళ్ళెర్రజేసినా చూడనట్టే నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె కెంచవ్వ వైపు మాట్లాడడం అదే మొదటిసారి.

గౌడకు ఇక ఒక్క దారి మిగిలింది. "కెంచవ్వా, ఒక్కటి చెప్పు. ఈయమ్మ ముత్తైదువనా, మొగుడు లేనిదా? రాయి చదివినావు గదా. అది చెప్తే ఇంక మాటాడను."

నీలవ్వ వెనక నుంచి చేరి చెవిలో అంది. "మొగుడు లేనిదని చెప్పక్కా. చేతికి గాజులు లేవు, పక్కన మొగుడు లేడు. చెప్తే ఇంక ఎవురూ నోరెత్తరు."

నిజమే. ఒక్క మాట చాలు. మణికట్టు బోసిగా ఉంది, పైన ఒంటరిగా కూర్చుంది, వినేవాళ్ళంతా నమ్మడానికి తయారుగా ఉన్నారు. కెంచవ్వ తన మణికట్టు చూసుకుంది. పదకొండో రోజున పగలగొట్టిన గాజుల గాట్లు ఇంకా మానలేదు. చెప్పాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. కానీ కత్తి తిప్పే చేతికి గాజులు అడ్డమని శిల్పి వదిలేసి ఉండవచ్చు. పెళ్ళే కాని పిల్ల అయినా కావచ్చు. లేని నిమ్మకాయను ఊరు చేతిలో పెట్టింది. లేని వైధవ్యాన్ని తాను ఎలా పెడుతుంది?

"రాయి చెప్పలేదు" అంది.

"ఏంది?"

"మొగుడు ఉండాడో లేడో రాయి చెప్పలేదు. పేరు గూడా లేదు, అక్షరాలు చెక్కలేదు. ఆవుల కోసం చచ్చిందని చెప్పింది, అంతే. చెక్కినోడు ఆమె మొగుడి సంగతి అడగలేదు గౌడా. నువ్వెందుకు అడుగుతాండావు? ఆమె ముండమోసిందైతేనే నేను తాకాలంటే, నాకా తాకడం వద్దు. నా చెయ్యికి ఆమె సాక్ష్యం అక్కర్లేదు. చెయ్యి నాది, పని చేసినాను, చేస్తాను. కాదనేటోడు వచ్చి ఆ చెంబు ఎత్తమను."

చెంబు నేల మీదే ఉంది. ఎవరూ వంగలేదు. కాసేపటికి కెంచవ్వే ఎత్తి, మిగిలిన బూడిదనీళ్ళు కడిగేసింది.

ఏరువాక పున్నమి నాడు ఎద్దులకు రంగులు పూసి, కొమ్ములకు కుచ్చులు కట్టి పశువుల దారిన తోలుకొచ్చారు. రాయి సేవ చేసే మనిషి చేత ఎద్దుల నుదుట కుంకుమ పెట్టించడం ఊరి ఆనవాయితీ, మొదటి జత గౌడదే. రాతికి చీర లేదు, తొడుగు లేదు. కొత్త నూనెలో నల్లగా మెరుస్తూ కత్తి ఎత్తి నిలబడి ఉంది. పక్కన తెల్ల రవికతో, బోసి నుదుటితో కెంచవ్వ కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడింది. జనం రెండు పక్కలా నిలబడ్డారు. గౌడ ఎద్దు కొత్త మనిషిని చూసినట్టు తల ఎగరేసి బెదిరింది. సిద్దనగౌడ పాలేరు చేతిలోంచి పగ్గం తీసుకున్నాడు. తానే ఎద్దు మెడ నిమిరి, దాని తలను కెంచవ్వ చేతికి అందేదాకా కిందికి వంచి పట్టుకున్నాడు.

"పెట్టవ్వా, వెనక చానా జతలుండాయి" అన్నాడు.